సెప్టెంబరులో సెలవు అడిగితే

చార్టర్డ్ అకౌంటెంట్ల ఆఫీసుల్లో ఏడాదంతా ఒక ఎత్తు, సెప్టెంబరు నెల ఒక్కటీ ఒక ఎత్తు. 7వ తేదీలోగా టీడీఎస్ కట్టించాలి. 11న జీఎస్టీఆర్-1, 15న ముందస్తు పన్ను రెండో వాయిదా, 20న జీఎస్టీఆర్-3బి. ఇవన్నీ దాటి ఊపిరి పీల్చుకునేలోపు 30వ తేదీ వచ్చి నిలబడుతుంది. ట్యాక్స్ ఆడిట్ నివేదికలు ఆదాయపు పన్ను పోర్టల్‌లోకి ఎక్కించడానికి మామూలుగా అదే ఆఖరి రోజు. ఆ నెల రెండో సగంలో ఆఫీసు లైట్లు రాత్రి పదింటికి కూడా ఆరవు. టిఫిన్ పొట్లాలు ఫైళ్ల పక్కనే విప్పుతారు. సరిగ్గా ఆ రోజుల్లో ఎవరో ఒకరికి సెలవు కావాల్సి వస్తుంది. ఆ సెలవు ఇవ్వలేనని ఎవరో ఒకరు రాయాల్సి వస్తుంది.

ఆ రాయడం గురించే ఈ కథనం. సెలవు నిరాకరించడం మేనేజరు ఉద్యోగంలో భాగమే. దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ నిరాకరిస్తూ రాసే ఆ ఆరేడు వాక్యాల్ని చాలామంది అరనిమిషంలో, అలసటలో, ఫోన్ మీదే కొట్టి పంపేస్తారు. అందుకున్న మనిషి మాత్రం వాటిని పదిసార్లు చదువుకుంటారు, ఇంట్లో వాళ్లకు చదివి వినిపిస్తారు. కొందరు మరుసటి నెల రాజీనామా పెట్టేటప్పుడు కూడా అవే వాక్యాల్ని గుర్తు చేసుకుంటారు.

ఒక ఉదాహరణ కల్పించుకుని, మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. హైదరాబాద్‌లో పాతికమంది పనిచేసే ఒక ఆడిట్ ఆఫీసు. సంవత్సరం 2024. నాలుగేళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఒక సీనియర్ అసిస్టెంట్, సొంతూరు సామర్లకోట దగ్గర, సెప్టెంబరు 12 గురువారం నాడు మేనేజరుకు మెయిల్ పెట్టింది. అందులో ఉన్నది ఇంతే: ‘23 సోమవారం నుంచి 27 శుక్రవారం వరకు అయిదు రోజులు సెలవు కావాలి సార్. పర్సనల్ వర్క్ ఉంది. దయచేసి మంజూరు చేయగలరు.’

మేనేజరు 17వ తేదీ మంగళవారం రాత్రి జవాబిచ్చాడు:

‘మీ లీవ్ రిక్వెస్ట్ చూశాను. ఇది పీక్ సీజన్ అని మీకు తెలియనిది కాదు. ఇంత సీనియర్ అయ్యుండి ఇలాంటి టైంలో అయిదు రోజులు అడగడం ఆశ్చర్యంగా ఉంది. ఈ నెలలో ఎవరికీ లీవులు లేవు. అందరూ టీమ్ కోసం సర్దుకుంటున్నారు. సీజన్ అయ్యాక చూద్దాం. అర్థం చేసుకుంటారని ఆశిస్తున్నాను.’

ఇందులో తిట్టు లేదు. బెదిరింపు లేదు. ఇలాంటి జవాబులు రోజూ వందల ఆఫీసుల్లో వెళ్తూనే ఉంటాయి. అయినా దీనిలో పనికొచ్చే సమాచారం ఎంతుందో వెతికితే ఒక్క ముక్కే దొరుకుతుంది: సెలవు లేదు. ఎందుకు లేదు, అయిదు రోజుల్లో ఒక్కరోజైనా కుదురుతుందా, కుదరకపోతే మళ్లీ ఎప్పుడు, ఎవరితో మాట్లాడాలి అన్న వాటిలో దేనికీ జవాబు లేదు. ఆ ఖాళీని నింపింది ఆమె వ్యక్తిత్వం మీద ఒక తీర్పు. ‘ఇంత సీనియర్ అయ్యుండి’ అన్న మాట చదివాక మిగతా వాక్యాలన్నీ ఆ మాట వెలుగులోనే కనిపిస్తాయి. సెలవు అడగడం ఒక అవసరం చెప్పుకోవడం. ఈ జవాబు దాన్ని విశ్వాసం లోపించిన పనిగా మార్చేసింది.

‘ఎవరికీ లీవులు లేవు’ అన్నది మరీ ప్రమాదకరమైన వాక్యం. ఆ మాట నిజం కాకపోవచ్చు. 19వ తేదీన ఇంకో అబ్బాయి చెల్లెలి నిశ్చితార్థానికి వెళ్తున్నాడని ఆఫీసులో అందరికీ తెలుసనుకోండి, ఆ ఒక్క అబద్ధంతో మేనేజరు తర్వాత చెప్పే నిజాలకూ విలువ పోతుంది. ‘సీజన్ అయ్యాక చూద్దాం’ అన్నదీ అంతే. ఆడిట్ ఆఫీసుకు సీజన్ ఎప్పుడు అవుతుంది? సెప్టెంబరు 30 దాటితే ఆడిట్ ఉన్నవాళ్ల రిటర్నుల గడువు అక్టోబరు 31. అది దాటితే జీఎస్టీ వార్షిక రిటర్నులు డిసెంబరు 31. ఆ రోజుతోనే చాలా ఆఫీసుల్లో క్యాజువల్ లీవులు మురిగిపోతాయి. తేదీ లేని ‘చూద్దాం’ అంటే, ఆ లీవు మెల్లగా కరిగిపోవడానికి వదిలేయడమే.

ఇక జవాబు రావడానికి పట్టిన అయిదు రోజులు. అడిగింది గురువారం, జవాబు మంగళవారం రాత్రి. ఈలోగా ఆమె రైలు టికెట్ చేయించుకోవాలా వద్దా? చేయించుకోకపోతే మిగిలేది తత్కాల్, అది ప్రయాణానికి ముందురోజు ఉదయం తెరుస్తారు. ఖరారైన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. ఆలస్యంగా వచ్చే ‘కుదరదు’కు ఉద్యోగి జేబులోంచి ఖర్చవుతుంది. నా ఉద్దేశంలో ఆ మెయిల్లోని మాటలకన్నా ఈ మౌనమే పెద్ద తప్పు. పూర్తి జవాబు ఆ రోజే ఇవ్వలేకపోతే, ‘చూశాను, ఫైళ్లు చూసుకుని రేపు సాయంత్రానికి చెబుతాను, అప్పటిదాకా టికెట్ ఆపండి’ అని ఒక్క వరుస రాయడానికి ఎంత తీరికలేని మేనేజరుకైనా వీలవుతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకంగా ఇంకో రకం జవాబు ఉంది. మెత్తటి మనుషులు రాసేది: ‘అలాగేనమ్మా, కొంచెం టైట్‌గా ఉంది, ట్రై చేద్దాం, అప్పటి పరిస్థితిని బట్టి చూద్దాం.’ వినడానికి ఇది దయగా ఉంటుంది. ఆమె దీన్ని ఒప్పుకోలు అనుకుంటుంది, ఆయన నిరాకరణ అనుకుంటాడు. 21వ తేదీ శనివారం సాయంత్రం ఇద్దరికీ సంగతి తెలుస్తుంది. కటువుగా ఉన్నా మొదటి జవాబు చదివినవాళ్లు కనీసం ఇంట్లో ఒక మాట చెప్పేసుకుంటారు. రెండోది ఆ అవకాశం కూడా ఇవ్వదు. నిరాకరణలో మర్యాద కావాలి గానీ, ఆ మర్యాద కోసం నిరాకరణనే కనపడకుండా చేయకూడదు.

సెలవు హక్కా, దయా అన్న పాత వాదన ఈ ఉత్తరాల వెనక ఎప్పుడూ ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే ఫండమెంటల్ రూల్స్‌లో 67వ నిబంధన, సెలవును హక్కుగా అడగడానికి లేదని, ప్రజాసేవ అవసరాన్ని బట్టి నిరాకరించే, రద్దు చేసే అధికారం మంజూరు చేసేవారికి ఉందని చెబుతుంది. తహశీల్దారు ఆఫీసు నుంచి సచివాలయం దాకా సెలవు కాదన్న ప్రతి ఫైలు వెనకా ఉండే నిబంధన ఇదే. ప్రైవేటు మేనేజర్లు ఆ రూలు చదవకపోయినా దాని స్వరం మాత్రం వాళ్లకు వంటబట్టింది.

కార్మికుల కోసం చేసిన 1948 ఫ్యాక్టరీల చట్టం మాత్రం ఇంకో కోణం నుంచి మొదలైంది. దాని 79వ సెక్షన్ ప్రకారం కార్మికుడు మామూలుగా పదిహేను రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాల్సి ఉండేది. పద్ధతి ప్రకారం పెట్టిన దరఖాస్తును, ముందుగా ఒప్పుకున్న సెలవుల పథకం ప్రకారం తప్ప, కాదనడానికి వీలుండేది కాదు. మిగిలిపోయిన సెలవును వచ్చే ఏడాదికి తీసుకుపోవడానికి ముప్పై రోజుల పరిమితి పెట్టారు. కానీ అడిగినా ఇవ్వకుండా నిరాకరించిన సెలవుకు మాత్రం ఆ పరిమితి లేదన్నారు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని తీసుకున్నాయి. అయినా ఆ పాత సెక్షన్‌లోని ఆలోచన నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. సంస్థ అవసరం కోసం సెలవు ఆపితే, ఆపినవాళ్ల మీద ఒక బాకీ పడుతుంది. ఆ బాకీ కాలంతో చెల్లిపోదు. మన ఆడిట్ ఆఫీసుకు ఆ చట్టం వర్తించేది కాదు. కానీ మంచి నిరాకరణ ఉత్తరం రాయాలనుకునే ఏ మేనేజరైనా ఈ లెక్క తన మీదే వేసుకుంటే ఉత్తరం దానంతట అదే మారుతుంది. ఎందుకంటే అప్పుడు రాయాల్సింది ‘లేదు’ ఒక్కటే కాదు, ‘ఎప్పుడు తీరుస్తాను’ కూడా.

ఉత్తరం తిరగరాయడానికి కూర్చునే ముందు మేనేజరు చేయాల్సిన పని ఒకటుంది. ఫోన్ చేసి అడగడం. ‘అమ్మా, మెయిల్ చూశాను. వివరాలు చెప్పాలని బలవంతం లేదు. కానీ ఈ అయిదు రోజుల్లో మార్చడానికి వీల్లేని రోజు ఏదైనా ఉందా?’ ఈ ఒక్క ప్రశ్న చాలు. కారణం ఏమిటని నిలదీయడం వేరు, కదలని తేదీ ఏదని అడగడం వేరు. రెండోదానికి ఎవరూ నొచ్చుకోరు.

అడిగితే తెలిసింది ఇదీ. 25వ తేదీ బుధవారం ఆమె నాన్నగారి మొదటి సంవత్సరీకం. పంచాంగం చూసి పురోహితుడు పెట్టిన తిథి అది, ఎవరూ జరపలేరు. కార్యం తమ్ముడు చేస్తాడు. మడి వంటకు, వచ్చేపోయే బంధువులకు అమ్మకు తోడుగా ముందురోజే ఆమె ఇంట్లో ఉండాలి. గురు, శుక్రవారాలు అడిగింది వేరే పని మీద: నాన్న పేరునున్న పొలాన్ని అమ్మ పేరుకు మార్పించడానికి తహశీల్దారు ఆఫీసుకు వెళ్లాలి. సోమవారం ప్రయాణానికని వేసుకుంది. ‘పర్సనల్ వర్క్’ అని ఎందుకు రాశావమ్మా అంటే, చావు సంగతి మెయిల్లో రాయబుద్ధి కాలేదంది.

ఇప్పుడు ఆ అయిదు రోజులు ఒకే ముద్దగా కనిపించవు. కదలని రోజు ఒకటి. దానికి ఆనుకుని ఉండాల్సిన రోజు ఒకటి. రెండు వారాలు ఆగినా నష్టం లేని రెండు రోజులు. ప్రయాణం సంగతి రైలు తేలుస్తుంది: సోమవారం పని ముగించుకుని రాత్రి సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మంగళవారం ఉదయానికి సామర్లకోట. బుధవారం రాత్రి మళ్లీ ఎక్కితే గురువారం ఉదయానికి నగరం. అడిగిన సెలవును మొత్తంగా ఒప్పుకోవడమో, మొత్తంగా కాదనడమో తప్ప దారి లేదనుకోవడం వల్లే చాలా అన్యాయపు నిరాకరణలు పుడుతున్నాయి.

రెండో పని, ఫైళ్లు తీసి చూడటం. ‘పని ఎక్కువ’ అన్నది కారణం కాదు. ఏ పని, ఎప్పటికి, ఎందుకు ఈమే చేయాలి అన్నది కారణం. ఆమె చేతిలో నాలుగు ఫైళ్లున్నాయి. మందుల డిస్ట్రిబ్యూటరుది దాదాపు అయిపోయింది, ఎవరైనా ముగించవచ్చు. బట్టల హోల్‌సేల్ వ్యాపారి పుస్తకాల్లోని అమ్మకాలకూ జీఎస్టీ రిటర్నుల్లో చూపిన అమ్మకాలకూ తేడా ఉంది. దాని జాబితా ఆమె ఇప్పటికే తయారుచేసింది, పక్క సీటు అబ్బాయి అందుకోగలడు. కష్టమల్లా రెండు రైస్‌మిల్లుల దగ్గరే. ధాన్యం, బియ్యం, నూక, తవుడు, ఊక అన్నిటికీ పరిమాణాల లెక్క ఫారం 3సీడీలో చూపాలి. ఎంత ధాన్యం ఆడిస్తే ఎంత బియ్యం దిగిందో పొంతన కుదరాలి. ఆ లెక్కల్ని జులై నుంచి చూస్తున్నది ఈమె ఒక్కతే. మిల్లుల నుంచి తుది స్టాకు వివరాలు 21వ తేదీ శనివారానికి వస్తాయి.

బయటివాళ్లకు తెలియని ఇంకో సంగతి, ఆఖరి తేదీ 30 అయినా పని 30న అవదు. సీఏ నివేదికను ఎక్కించినంత మాత్రాన సరిపోదు. క్లయింట్ తన లాగిన్‌లోకి వెళ్లి దాన్ని ఆమోదించాలి. అప్పుడే దాఖలైనట్టు. ఆ వేళకు క్లయింట్ డిజిటల్ సంతకం గడువు తీరిపోయి ఉండటం, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేకపోవడం, పోర్టల్ నెమ్మదించడం ప్రతి ఏడాదీ జరిగేవే. తప్పిపోతే ఆ రోజుల్లోని చట్టం కింద టర్నోవరులో అరశాతం లేదా లక్షా యాభై వేలు, ఏది తక్కువైతే అది, క్లయింట్ మీద జరిమానా పడవచ్చు. అందుకే సంతకాలు 27 శుక్రవారానికే పెట్టించాలని ఆఫీసు నిర్ణయించుకుంది. ఇది కారణం. ఇది చెబితే ఆమెకు అర్థమవుతుంది, ఎందుకంటే ఆ పని ఆమెకు మేనేజరుకన్నా బాగా తెలుసు.

మూడోది, మిగతావాళ్ల విషయంలో ఏం చేశామో చూసుకోవడం. నిశ్చితార్థానికి వెళ్తున్న అబ్బాయికి ఏ లెక్కన ఇచ్చారో, ఈమెకూ అదే లెక్క వర్తించాలి. పైనున్న పార్ట్‌నర్ ‘ఒకరికిస్తే అందరూ అడుగుతారు’ అంటారు. అడగనివ్వండి. అందరికీ బిగ్గరగా చెప్పగల సూత్రం ఒకటి చేతిలో ఉంటే ఆ భయం ఉండదు. తేదీ మార్చలేని కార్యానికి ఆ రోజూ, దానికి కావాల్సిన ప్రయాణమూ ఇస్తాం. మార్చగలిగిన పనిని సీజన్ తర్వాత ఫలానా తేదీకి జరుపుతాం. ఈ సూత్రం కింద నిశ్చితార్థమూ నిలుస్తుంది, సంవత్సరీకమూ నిలుస్తుంది.

ఈ మూడూ అయ్యాక, 13వ తేదీ శుక్రవారం సాయంత్రమే వెళ్లాల్సిన జవాబు ఇలా ఉంటుంది. చాలా ఆఫీసుల్లో ఇది ఇంగ్లిషులో వెళ్తుంది, అయినా పొందిక ఇదే.

‘విషయం: సెప్టెంబరు 23–27 సెలవు. 24, 25, 26 ఉదయం మంజూరు. మిగతా రోజులు అక్టోబరులో.

నమస్తే అమ్మా,

ఫోన్లో మాట్లాడుకున్నదే కాగితం మీద పెడుతున్నాను. మీరు అడిగిన అయిదు రోజుల్లో 24 మంగళవారం, 25 బుధవారం, 26 గురువారం మధ్యాహ్నం ఒంటిగంట వరకు సెలవు ఇస్తున్నాను. 23 సోమవారం, 26 మధ్యాహ్నం నుంచి, 27 శుక్రవారం ఇవ్వలేకపోతున్నాను. టికెట్లు ఈ ప్రకారం చేయించుకోండి.

ఇవ్వలేకపోవడానికి కారణం రెండు రైస్‌మిల్లుల ఫైళ్లు. వాటి స్టాకు వివరాలు 21న వస్తాయి, 27న సంతకానికి వెళ్లాలి. మీరు సోమవారం చూసి ప్రశ్నలు పంపితే, మీరు ఊళ్లో ఉండే రెండు రోజుల్లో మిల్లువాళ్లు జవాబులు సిద్ధం చేస్తారు. గురువారం మధ్యాహ్నం నుంచి మీరు ముగించవచ్చు. ఇంత తక్కువ వ్యవధిలో ఆ లెక్కల్ని కొత్తవాళ్లకు అప్పగిస్తే తప్పులు దొర్లుతాయని నా భయం.

మందుల డిస్ట్రిబ్యూటరు ఫైలు నేను తీసుకుంటున్నాను. బట్టల వ్యాపారి ఫైలు మీ పక్క సీటు అబ్బాయికి ఇచ్చాను, అతను ఒప్పుకున్నాడు. 23 సోమవారం సాయంత్రం ఒక పావుగంట కూర్చుని అతనికి చెప్పి వెళ్లండి. మంగళ, బుధవారాల్లో ఆఫీసు నుంచి మీకు ఫోన్ రాదు. క్లయింట్లు ఎవరైనా చేస్తే నా నంబరు ఇవ్వండి.

ఆగిపోయిన రెండున్నర రోజులకు బదులు అక్టోబరు 9, 10, 11 తేదీలు ఇప్పుడే మంజూరు చేసి రిజిస్టరులో రాశాను. 11న దుర్గాష్టమి గనక మీ ఊళ్లో ఆఫీసులుండవు. 9, 10 తేదీల్లో తహశీల్దారు ఆఫీసు పని చూసుకోవచ్చు. 12న దసరా, ఆ మర్నాడు ఆదివారం. ఆడిట్ గడువు పొడిగించినా ఈ తేదీలు మారవు. ఇవి మీకు అనువు కాకపోతే వేరే తేదీలు చెప్పండి.

ఈ సీజన్లో అందరికీ ఇదే పద్ధతి పాటిస్తున్నాం: తేదీ మారని కార్యాలకు సెలవు, మారే పనులు అక్టోబరుకు. నేను చూడకుండా వదిలేసిందేమైనా ఉంటే ఈ వచ్చే సోమవారం ఉదయం నాతో చెప్పండి, మళ్లీ ఆలోచిస్తాను.

నాన్నగారి కార్యం సవ్యంగా జరగాలని కోరుకుంటున్నాను.’

మొదటి జవాబుకన్నా ఇది అయిదారు రెట్లు పొడవు. రాయడానికి ఇరవై నిమిషాలు పడుతుందేమో. కానీ దీని తర్వాత ప్రశ్నలు మిగలవు. నిర్ణయం విషయం గడిలోనే ఉంది, మొదటి పేరాలోనూ ఉంది. ఊరించి చివర్లో చెప్పడం లేదు. చెడ్డవార్త చదవబోతున్న మనిషికి ముందు పొగడ్తలు పరచడం మనలో చాలామందికి అలవాటు: ‘మీరు ఆఫీసుకు ఎంతో ముఖ్యమైనవారు, మీ కృషిని ఎప్పుడూ గుర్తిస్తాం...’ ఆ వరుసలు చదువుతున్నప్పుడే గుండె జారుతుంది, ఇక ఆ పొగడ్త నమ్మబుద్ధి కాదు. ఈ ఉత్తరంలో పొగడ్త ఒక్కటీ లేదు. అయినా ఆమె పని విలువ తెలిసినట్టే ఉంది, ఆ మిల్లుల లెక్క ఆమెకు తప్ప ఎవరికీ రాదని కారణంలోనే ఒప్పుకున్నారు కాబట్టి.

‘ఇవ్వలేకపోతున్నాను’ అని మేనేజరు తన పేరున రాశాడు. ‘మేనేజ్‌మెంట్ ఒప్పుకోవడం లేదు’, ‘పైవాళ్లు కుదరదన్నారు’ అనలేదు. నిర్ణయం తనదైనప్పుడు దాన్ని పైకి తోసేస్తే, ఆమె ఎవరితో మాట్లాడాలో తెలియక ఆగిపోతుంది. మేనేజరు మాటకు బరువూ పోతుంది. నిజంగానే పార్ట్‌నర్ నిర్ణయమైతే అదే రాసి, ఆయనతో మాట్లాడటానికి సమయం ఇప్పించాలి.

తండ్రి సంవత్సరీకం ప్రస్తావన చివరి వాక్యంలో, ‘కార్యం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం కావాలనే. విషయం గడిలో అసలు లేదు. ఈ మెయిల్ ఫైళ్లు అందుకునే అబ్బాయికో, హాజరు చూసే అమ్మాయికో ఫార్వర్డ్ కావచ్చు. ఆమె మెయిల్లో రాయడానికే ఇష్టపడని సంగతిని ఆఫీసంతా చదివేలా చేయకూడదు. నిజానికి ఫార్వర్డ్ చేయాల్సింది మొదటి పేరా, ఫైళ్ల పేరా మాత్రమే. అదే విధంగా ఆమెకు రాసే ఉత్తరంలో మరొకరి సెలవు కారణాలూ రాయకూడదు. పద్ధతి చెబితే చాలు, పేర్లు అక్కర్లేదు.

ఫోన్ రాదన్న వాక్యం చిన్నదే గానీ నా దృష్టిలో ఉత్తరం మొత్తంలో అతి విలువైనది అదే. సెలవు ఇచ్చి, పిండాలు పెట్టే వేళకు ‘ఆ ఎక్సెల్ ఎక్కడ సేవ్ చేశావమ్మా’ అని ఫోన్ చేసే ఆఫీసులు కొల్లలు. అలా ఇచ్చిన సెలవును సెలవుగా లెక్కించడం కూడా అన్యాయమే. ఆ మాట రాశాక మేనేజరు దాన్ని నిలబెట్టుకోవడానికి ఏర్పాటు చేసుకోవాలి. సోమవారం సాయంత్రపు పావుగంట అందుకే.

ఏ ఉత్తరం ఎంత బాగా రాసినా నిరాకరించకూడని సెలవులు ఉన్నాయి. ఇంట్లో చావు, సొంత అనారోగ్యం, ఆసుపత్రిలో ఉన్న బిడ్డ, ప్రసూతి. ప్రసూతి సెలవైతే చట్టమే ఇచ్చింది. 1961 చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు అది 26 వారాలైంది. వీటి విషయంలో జవాబు ఒకటే వాక్యం: ‘వెళ్లండి, ఫైళ్ల సంగతి నేను చూసుకుంటాను.’ అక్కడ కారణాలు, పద్ధతులు, బదులు తేదీలు రాయడం మొదలుపెడితే అది వేరే రకం కటువుతనం అవుతుంది. ఇంకొక హద్దు కూడా ఉంది. ప్రతి సెప్టెంబరూ అదే మనిషికి ఇలాంటి చక్కటి నిరాకరణే అందుతుంటే, లోపం ఉత్తరంలో లేదు. ఆ ఆఫీసులో రైస్‌మిల్లుల లెక్క తెలిసినవాళ్లు ఇద్దరు ఉండాలి. జులైలోనే రెండో మనిషిని ఆమె పక్కన కూర్చోబెడితే వచ్చే ఏడాది ఈ ఉత్తరం రాయాల్సిన పనే పడదు.

ఇక గడువు పొడిగింపు సంగతి. ఆడిట్ ఆఫీసుల్లో సెప్టెంబరు చివరి వారమంతా అందరి చూపూ దాని మీదే ఉంటుంది. 2024లో 29వ తేదీన, అదీ ఆదివారం నాడు, పోర్టల్‌లో ఎదురైన ఇబ్బందుల దృష్ట్యా గడువును అక్టోబరు 7కు పెంచుతున్నట్టు ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రకటించింది. మరుసటి ఏడాది 25వ తేదీన చెప్పి నెల రోజులు ఇచ్చింది, ఆ తర్వాత ఇంకాస్త పెంచింది. ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని దాన్ని నమ్ముకుని సెలవు ఇవ్వలేరు, దాన్ని సాకుగా చూపి ఇచ్చిన సెలవు వెనక్కీ తీసుకోకూడదు. ఎందుకంటే పొడిగింపు వచ్చిన మరుక్షణం క్లయింట్లు తాపీగా కాగితాలు పంపడం మొదలుపెడతారు, సెప్టెంబరు హడావిడి మొత్తం అక్టోబరు మొదటి వారంలోకి జరుగుతుంది.

మన ఉదాహరణలో అది ఎలా తేలుతుందో ఊహించడం కష్టం కాదు. రైస్‌మిల్లుల నివేదికలు అనుకున్నట్టే 27న సంతకాలయ్యాయి. వేరేవాళ్ల ఫైళ్లు మాత్రం పొడిగింపు చూసుకుని వెనకబడి, 7వ తేదీ రాత్రికి గానీ పూర్తి కాలేదు. 8వ తేదీ సాయంత్రం పార్ట్‌నర్ మేనేజరును పిలిచి, ఇంకా రిటర్నులన్నీ మిగిలే ఉన్నాయి గనక ఆ అమ్మాయిని ఒక వారం ఆగమనకూడదా అని అడుగుతారు. అప్పుడు మేనేజరు ఫోన్ తీసి సెప్టెంబరు 13నాటి మెయిల్ చూపిస్తాడు. తేదీలు మారవని తన పేరున రాసిన వాక్యం అందులో ఉంది. మిగిలిన రిటర్నులు 14 నుంచి 31లోపు ఎవరెవరు చేస్తారో రాసుకున్న కాగితం ఆయన ముందు పెడతాడు. ఆ రాత్రి ఆమె రైలు ఎక్కుతుంది.